మూలన పడ్డ ట్రైపాడ్ కాలు: క్రాప్ పెట్టెని ఏ వైపు నుంచి లాగాలి?

ఈ రోజు విషయం చాలా చిన్నది. ఫోటో అంతా బాగా వచ్చి ఉంటుంది, కింద కుడి మూలలో మాత్రం నల్లగా ట్రైపాడ్ కాలు పడి ఉంటుంది. లేదా కెమెరా వాడేవాళ్లకి లెన్స్ హుడ్ అంచు పడి ఉంటుంది. దాన్ని క్రాప్ చేసి తీసెయ్యాలి. "అదేముందన్నా, కింద కాస్త కోసేస్తే సరిపోతుంది కదా" అంటారు. సరిపోతుంది. కానీ కాలుతో పాటు ఇంకేం పోతోంది అన్నదే అసలు గొడవ. అదే కాలు తీసెయ్యడానికి ఒకళ్లు ఫోటోలో ఐదో వంతు పోగొట్టుకుంటారు, ఇంకొకళ్లు అంతకన్నా బాగా తక్కువే పోగొట్టుకుంటారు. తేడా ఎక్కడుందో చూద్దాం.

ముందు ఆ కాలుని ఒకసారి సరిగ్గా చూడండి. మూలలో పడే కాలు రెండు రకాలుగా పడుతుంది. ఒకటి, మూలకి అడ్డంగా పడేది. అంటే కింది అంచులో మొదలై, ఏటవాలుగా పైకి పోయి, కుడి అంచులో బయటికి వెళ్లిపోతుంది. సమోసా కొన కొరికినప్పుడు పళ్లగాటు ఎలా పడుతుందో అలా, మూలని కోసినట్టు ఉంటుంది. రెండోది, మూలలోంచి ఫోటో లోపలికి వేలు చూపించినట్టు పొడుచుకొచ్చేది. దాని కొన, అంటే ఆ రబ్బరు బూటు, ఫోటో లోపల కనిపిస్తూ ఉంటుంది.

ఈ రెండూ ఎందుకొస్తాయంటే, మన ఫోన్‌లో 0.5x లెన్స్ ఫోన్ మధ్యలో ఉండదు, ఒక చివర ఉంటుంది. ట్రైపాడ్ మాత్రం ఫోన్‌ని మధ్యలో పట్టుకుంటుంది. ఫోన్‌ని అడ్డంగా పెట్టినప్పుడు లెన్స్ కుడి చివరకి వచ్చిందనుకోండి, కుడివైపు చాచిన కాలు లెన్స్ ముందు నుంచి బయటికి పోతున్నట్టు కనపడుతుంది, అంటే అడ్డంగా కోస్తుంది. లెన్స్ ఎడమ చివర ఉంటే అదే కాలు లోపలికి పొడుస్తున్నట్టు కనపడుతుంది. అందుకే ఫోన్‌ని ట్రైపాడ్‌లో తిరగేసి బిగిస్తే ఒక్కోసారి ఆకారమే మారిపోతుంది. 1x లెన్స్‌లో ఈ గొడవ చాలా తక్కువ, ఎందుకంటే దానికి అంత కిందికి, అంత పక్కకి కనపడదు.

సరే, ఇప్పుడు ఒక నిజమైన ఫోటో మీద చూద్దాం. రాజమండ్రి నుంచి ఒక తమ్ముడు పంపాడు. కార్తీక మాసం, గోదావరి రేవు, సాయంత్రం. ఇంట్లో వాళ్లంతా మెట్ల మీద కూర్చున్నారు, వెనకాల నది, దూరంగా ఆర్చ్ బ్రిడ్జి. ఫోన్‌ని చిన్న ట్రైపాడ్ మీద పెట్టి, టైమర్ వేసి, పరిగెత్తుకెళ్లి కూర్చున్నాడు. మెట్ల మీద ట్రైపాడ్ నిలవడానికి ఒక కాలు బాగా పక్కకి చాచాల్సి వచ్చింది, అది 0.5x లెన్స్‌లో పడింది. మెసేజ్‌లో ఏం రాశాడంటే, "అన్నా, మర్నాడు పొద్దున్నే అమ్మ కువైట్ ఫ్లైట్ ఎక్కేసింది. మళ్లీ రెండేళ్లకి గానీ రాదు. అందరం ఒకే ఫ్రేములో ఉన్న ఫోటో ఇదొక్కటే. 12x8 ప్రింట్ వేయించి గోడకి పెడదామంటే, స్టూడియోలో కింద కోస్తే దీపాలు పోతాయి, పక్కన కోస్తే మీ అమ్మగారు సగం పోతారు, ఏది కావాలో చెప్పమంటున్నారు."

ఇంతకన్నా ఇరకాటం ఏముంటుంది చెప్పండి. ఫోటో మళ్లీ తీసుకునే వీల్లేదు. కుడి చివర కూర్చున్నది వాళ్లమ్మ. ఎడమవైపు కింద మెట్టు మీద ఇత్తడి పళ్లెంలో దీపాలు, అది వాళ్ల నాయనమ్మ వెలిగించి పెట్టింది. రెండిట్లో ఏదీ వదులుకునేది కాదు.

వీడియోలో స్క్రీన్ మీద గీతలు గీసి చూపించాను. ఇక్కడ చదువుతున్నవాళ్ల కోసం అంకెల్లో చెప్తాను, కంగారు పడకండి, నాలుగే అంకెలు. ఫోటో వెడల్పు 4000 పిక్సెళ్లు, ఎత్తు 3000. మామూలు 12 మెగాపిక్సెల్ ఫోటో. కాలు కింది అంచుని ఎక్కడ తాకిందో చూస్తే, కుడి మూల నుంచి 640 పిక్సెళ్ల లోపల. కుడి అంచుని ఎక్కడ తాకిందంటే, కింది మూల నుంచి 360 పిక్సెళ్ల పైన. అంటే ఇది మొదటి రకం, మూలకి అడ్డంగా కోసేది. పళ్లెం అడుగు అంచు ఫోటో కింది అంచు నుంచి 290 పైన ఉంది. అమ్మగారి భుజం కుడి అంచు నుంచి 400 లోపల ఉంది.

ఇప్పుడు స్టూడియో ఆయన లెక్క చూడండి. కింద నుంచి కాలు మొత్తం పోవాలంటే 360 కొయ్యాలి. పళ్లెం 290 దగ్గరే మొదలవుతోంది కాబట్టి, పళ్లెం అడుగున 70 పిక్సెళ్లు తెగిపోతుంది. పక్క నుంచి కాలు మొత్తం పోవాలంటే 640 కొయ్యాలి. అమ్మగారు 400 దగ్గరే మొదలవుతున్నారు, అంటే 240 పిక్సెళ్ల మేర భుజం, చెయ్యి తెగిపోతాయి. ఆయన చెప్పింది అబద్ధమేం కాదు. కానీ ఆయన రెండు దారులే చూశాడు.

మూడో దారి ఏంటంటే, కాలు ఆక్రమించింది చదరం కాదు, త్రికోణం. దాన్ని తప్పించుకోడానికి దాని పూర్తి ఎత్తూ కొయ్యక్కర్లేదు, పూర్తి వెడల్పూ కొయ్యక్కర్లేదు. మన క్రాప్ పెట్టె మూల ఒక్కటి ఆ ఏటవాలు గీతని దాటితే చాలు. దుప్పటి మూల మడత పెడితే ఏం జరుగుతుంది? మూల ఒక్కటే పోతుంది. క్రాప్‌లో మడత పెట్టలేం గానీ, కింద కొంచెం, పక్కన కొంచెం కోస్తే పెట్టె మూల ఆ గీత మీదకి సరిగ్గా వచ్చి ఆగుతుంది.

ఎంతెంత? ఈ ఫోటోలో పక్క నుంచి 280, కింద నుంచి 210 చాలు. చూడండి ఎలా సరిపోయిందో. 640లో 280 అంటే సుమారు 44 శాతం. 360లో 210 అంటే సుమారు 58 శాతం. రెండూ కలిపితే 102. వంద దాటిందంటే మూల గీతకి ఇవతలికి వచ్చేసినట్టే. గుర్తు పెట్టుకోవాల్సిన లెక్క ఇదొక్కటే. పక్కన ఎన్ని శాతం కోశారో, కింద ఎన్ని శాతం కోశారో, రెండూ కలిపి వంద అవ్వాలి. వంద కాకపోతే కాలు ముక్క ఇంకా మిగిలి ఉంటుంది.

ఫలితం ఏంటంటే, పక్కన 280 పోతే అమ్మగారి భుజం పక్కన ఇంకా 120 పిక్సెళ్ల చోటు ఉంది. కింద 210 పోతే పళ్లెం కింద ఇంకా 80 పిక్సెళ్ల మెట్టు కనపడుతోంది. కాలు పోయింది, ఇద్దరూ ఉన్నారు. మిగిలింది 3720 x 2790. 4:3 ఆకారం మారలేదు. అదే పాత పద్ధతిలో కింద 360 కోసి, మళ్లీ 4:3 ఆకారం కోసం పక్కల్ని కూడా కోసి ఉంటే 3520 x 2640 మిగిలేది. ఫోటోలో దాదాపు ఇరవై మూడు శాతం గల్లంతు. ఇప్పుడు పోయింది పదమూడున్నర.

ఇక్కడ ఇంకో సౌకర్యం ఉంది. ఆ గీత మీద మూల ఎక్కడైనా ఆగొచ్చు. పక్కన తక్కువ కోసి కింద ఎక్కువ కొయ్యొచ్చు, లేదా తిరగేసి. ఉదాహరణకి పక్కన 200 మాత్రమే కోస్తే, కింద 250 కొయ్యాలి. అప్పుడు అమ్మగారి పక్కన 200 చోటు వస్తుంది, పళ్లెం కింద మాత్రం 40 మిగులుతుంది. నేను ఆ తమ్ముడికి మొదటిదే చెప్పాను. మనిషి పక్కన కొంచెం ఇరుకైనా చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ గుండ్రటి పళ్లెం అంచుకి అతుక్కుపోతే జారి కింద పడబోతున్నట్టు కనపడుతుంది. ఇది నా అభిప్రాయం. మీ ఫోటోలో రెండు పక్కలా ఏముందో చూసి మీరే తేల్చుకోవాలి.

ఇప్పుడు ఫోన్‌లో ఇది ఎలా చెయ్యాలో. పిక్సెళ్లు కొలవడానికి స్కేలు ఏమీ అక్కర్లేదు, కంటితో ఆపేస్తాం. కాకపోతే క్రాప్‌కి ముందు రెండు పనులున్నాయి.

మొదటిది, ఫోటో వంకరగా ఉంటే ముందే సరిచెయ్యండి. ఎందుకంటే ఫోటోని తిప్పితే నాలుగు మూలలూ కొంచెం కొంచెం పోతాయి. 4000 x 3000 ఫోటోని ఒక్క డిగ్రీ తిప్పి అదే ఆకారం ఉంచితే, పక్కల నుంచి సుమారు 45, పైన కింద సుమారు 34 పిక్సెళ్లు ఎలాగూ పోతాయి. అంటే కాలులో కొంత ముక్క ఫ్రీగా పోయినట్టే. క్రాప్ చేసేశాక తిప్పితే మాత్రం, కష్టపడి మిగుల్చుకున్న ఆ 80 పిక్సెళ్లలో సగం పోతాయి. ఈ ఫోటోలో బ్రిడ్జి తిన్నగానే ఉంది, కాబట్టి ఆ పని పడలేదు.

రెండోది, బ్రైట్‌నెస్ బాగా పెంచి ఆ మూలని జూమ్ చేసి చూడండి. కాలు లెన్స్‌కి జానెడు దూరంలో ఉంటుంది, దాని మీద ఫోకస్ ఉండదు. అందుకని దాని అంచు కత్తిరించినట్టు ఉండదు, మసగ్గా పొగలా కొంత దూరం పాకుతుంది. సాయంత్రం ఫోటోల్లో ఆ పొగ చీకట్లో కలిసిపోయి కనపడదు. ఫోన్ స్క్రీన్ మీద అసలే తెలీదు. ప్రింట్ వచ్చాక మూలలో ఏదో మరకలా కనపడుతుంది, అప్పుడు అర్థమవుతుంది. ఈ ఫోటోలో నల్లగా కనపడ్డ కాలు 600 దగ్గరే ఆగింది. వెలుగు పెంచి చూస్తే మసక 640 దాకా ఉంది. నేను పైన చెప్పిన 640, 360 అనేవి ఆ మసకని కలిపి తీసుకున్నవే. చూడ్డం అయ్యాక బ్రైట్‌నెస్ మళ్లీ వెనక్కి తెచ్చేయండి, అది కొలత కోసం మాత్రమే.

ఇక క్రాప్. గూగుల్ ఫోటోస్‌లో అయినా, ఐఫోన్ గ్యాలరీలో అయినా, స్నాప్‌సీడ్‌లో అయినా పద్ధతి ఒకటే. Crop తెరిచి, ముందు రేషియో ఎంచుకోండి. ఫోన్‌లోనే చూసుకునే ఫోటో అయితే Original చాలు. రేషియో లాక్ అయ్యాక, కింది కుడి మూలని పట్టుకుని ఎడమవైపు పైకి మెల్లగా లాగండి. పై ఎడమ మూల కదలదు, పెట్టె చిన్నదవుతూ వస్తుంది. పెట్టె మూల కాలు గీతని దాటగానే ఆపండి. కింది అంచుని ఒక్కదాన్నీ పట్టుకుని లాగకండి, పక్క అంచుని ఒక్కదాన్నీ లాగకండి. రేషియో Free లో పెట్టి అలా లాగితేనే స్టూడియో ఆయన చెప్పిన రెండు దారుల్లో పడతాం.

కానీ మన తమ్ముడికి కావాల్సింది 12x8 ప్రింట్. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఫోన్ ఫోటో 4:3, 12x8 ప్రింట్ 3:2. రెండూ ఒకటి కాదు. 3:2 కొంచెం పొట్టి, కాబట్టి ఎత్తులోంచి ఎలాగూ కొంత పోవాల్సిందే. మనం తీసెయ్యకపోతే ల్యాబ్ వాళ్లు తీసేస్తారు. ఎక్కడి నుంచి తీస్తారో వాళ్ల ఇష్టం. మామూలుగా పైన సగం, కింద సగం పోతుంది. అంటే మనం 4:3లో జాగ్రత్తగా చేసి పంపినా, పళ్లెం మళ్లీ ప్రమాదంలో పడుతుంది. అందుకని ప్రింట్‌కి పంపే ఫోటో అయితే మొదట్నుంచే 3:2 పెట్టుకోవాలి.

3:2 పెట్టగానే యాప్ ఏం చేస్తుందంటే, పైన 167, కింద 167 తీసేసి 4000 x 2667 పెట్టెని చూపిస్తుంది. ఇప్పుడు కింది కుడి మూలని లోపలికి లాగి, వెడల్పుని కాస్త తగ్గించండి. మన ఫోటోలో 3720 దగ్గర ఆపాం, అప్పుడు ఎత్తు 2480. తర్వాత పెట్టె మధ్యలో వేలు పెట్టి, మొత్తం పెట్టెని కిందికి జరపండి. కొన్ని యాప్‌లలో పెట్టె కదలదు, ఫోటోయే కదులుతుంది. అక్కడ ఫోటోని పైకి జరపాలి, ఫలితం ఒకటే. పళ్లెం పూర్తిగా కనపడుతుంది, ఇంకొంచెం జరిపితే మూలలో కాలు మళ్లీ తొంగిచూస్తుంది. తొంగిచూసే ముందు ఆపండి. అప్పటికి కింద నుంచి పోయింది 210 మాత్రమే. మిగిలిన 310 పై నుంచి పోయింది. పైన ఏముంది? ఖాళీ ఆకాశం. బ్రిడ్జి ఆర్చ్ పైభాగం 600 పిక్సెళ్ల కింద ఉంది, దానికేం కాలేదు. ఎలాగూ కొయ్యాల్సిన ఎత్తుని, ఎవరూ అడగని చోటు నుంచి తీశాం. ఆకాశంలో చంద్రుడో, గుడి గోపురం కొనో ఉంటే ఈ దారి మూసుకుపోయేది. అప్పుడు 4:3 ఆకారంలోనే ఉండే 8x6 సైజు అడగడం మేలు.

3720 పిక్సెళ్లు 12 అంగుళాల మీద పరిస్తే, అంగుళానికి 310. మంచి ప్రింట్‌కి 300 అంటారు కాబట్టి నిశ్చింతగా సరిపోయింది. మీ ఫోన్‌లో 0.5x లెన్స్ 8 మెగాపిక్సెల్‌దే అయితే, ఇదే క్రాప్ తర్వాత అంగుళానికి 250 దాకా వస్తుంది, గోడ మీద ఫోటోకి అదీ చాలు. కానీ వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటో మీద ఈ పని చెయ్యకండి. అది పొడవు వైపుని దాదాపు 1600 పిక్సెళ్లకి కుదించేస్తుంది, క్రాప్ అయ్యాక అంగుళానికి 125 కూడా రాదు. తమ్ముడు మొదట నాకు అలాగే పంపాడు. డాక్యుమెంట్‌లా పంపమంటే అసలు ఫైలు వచ్చింది. మీరు కూడా ఒరిజినల్ మీదే పని చేసి, Save copy తో వేరే కాపీగా దాచుకోండి. కొన్ని ఫోన్ల గ్యాలరీలో సేవ్ నొక్కితే పాతదాని మీదే రాసేస్తుంది. అందుకే ఎడిట్ చెయ్యకముందే ఒక కాపీ తీసుకుని పెట్టుకుంటే నిద్ర పడుతుంది.

ఫ్రేము కట్టించేవాళ్లకి ఇంకొక మాట. ఫ్రేము చెక్క ఫోటో అంచుల్ని కొంచెం కప్పేస్తుంది, ప్రతి వైపూ అయిదు మిల్లీమీటర్లు పోయినా ఆశ్చర్యం లేదు. మన పళ్లెం కింద మిగిలిన 80 పిక్సెళ్లు ప్రింట్‌లో ఎంతో తెలుసా? ఆరున్నర మిల్లీమీటర్లు. అందులో అయిదు చెక్క కిందకి పోతే ఒకటిన్నర మిగులుతుంది. అంటే ఇంత చేసి చివర్లో ఫ్రేము దగ్గర దెబ్బతింటాం. అందుకని స్టూడియోలో చుట్టూ కనీసం అర అంగుళం వైట్ బోర్డర్ వదిలి, ఫోటోని కొంచెం చిన్నగా వెయ్యమని అడగాలి. చెక్క ఆ తెలుపునే కప్పుతుంది, ఫోటోని ముట్టుకోదు. తమ్ముడు అలాగే వేయించాడు.

ఇప్పుడు రెండో రకం కాలు. లోపలికి వేలు చూపించేది. దీనికి పైన చెప్పిన మూల కిటుకు పనిచెయ్యదు, అందుకే ఆకారం ముందు చూడమన్నాను. కాలు కొన కుడి అంచు నుంచి 300 లోపలికి, కింది అంచు నుంచి 500 పైకి వచ్చిందనుకోండి. పక్కన 150, కింద 250 కోస్తే ఏమవుతుంది? రెండూ సగం సగమే కదా, కలిపితే వంద అయింది కదా అనుకుంటారు. కానీ కొన ఇంకా పెట్టె లోపలే ఉంటుంది, కాలు మధ్యలో తెగి కొన మాత్రం మిగిలి, ఇంకా వింతగా కనపడుతుంది. ఇక్కడ కొనని ఏదో ఒక వైపు నుంచి పూర్తిగా దాటాల్సిందే. పక్క నుంచి 300 అంటే వెడల్పులో ఏడున్నర శాతం. కింద నుంచి 500 అంటే ఎత్తులో పదహారు శాతం పైన. కాబట్టి పక్క నుంచే పోవాలి. కింద ఒక్క పిక్సెల్ కూడా కొయ్యక్కర్లేదు. రేషియో లాక్‌లో 300 వెడల్పు పోతే 225 ఎత్తు కూడా పోతుంది, ఆ ఎత్తుని పెట్టె కిందికి జరిపి పై నుంచి తీసుకోండి. అంటే ఈ రకానికి కింది మూలని కాకుండా, పై కుడి మూలని పట్టుకుని ఎడమవైపు కిందికి లాగితే ఒక్క దెబ్బతో అయిపోతుంది. కొన పక్కనే మనిషి ఉంటే, అప్పుడు మాత్రం క్రాప్ వల్ల కాదు. కొనకీ మనిషికీ మధ్య ఖాళీ కనపడాలి, ఆ ఖాళీలోంచే పెట్టె అంచు వెళ్లాలి. ఖాళీ లేకపోతే కాలుని ఉంచెయ్యడం నయం, మనిషిని కోసే బదులు.

ఇక లెన్స్ హుడ్. ఇది కెమెరా ఉన్నవాళ్లకి. 18-55 లాంటి కిట్ లెన్స్‌కి పూరేకుల్లాంటి హుడ్ పెడతాం కదా, రెండు రేకులు పొడుగ్గా, రెండు పొట్టిగా ఉంటాయి. పొడుగు రేకులు పైన, కింద ఉండాలి. రేకుల మధ్య ఉన్న లోతు గాట్లు సరిగ్గా ఫోటో నాలుగు మూలలకీ ఎదురుగా వస్తాయి, అందుకే మూలలు ఖాళీగా ఉంటాయి. హుడ్ క్లిక్ అయ్యేదాకా తిప్పకుండా సగంలో వదిలేస్తే, పొడుగు రేకులు మూలల వైపు జరుగుతాయి. 18 దగ్గర మూలలో నల్లగా గుండ్రటి అంచు పడుతుంది, జూమ్ చేస్తే మాయమైపోతుంది. మాయమైందంటే అది హుడ్డే.

దీనిలో అసలు సంగతి ఏంటంటే, హుడ్ ఒక్క మూలలో పడదు. పై రేకు ఒక మూలలోకి జరిగితే, కింది రేకు దానికి ఎదురు మూలలోకి జరుగుతుంది. కింద ఎడమ మూలలో నలుపు కనపడితే, పై కుడి మూల తప్పకుండా చూడండి. అక్కడ చెట్టు కొమ్మలో, చీకటి ఆకాశమో ఉంటే కనపడకుండా దాక్కుంటుంది. కింది మూల ఒక్కటే క్రాప్ చేసి హమ్మయ్య అనుకుంటే, పైది మిగిలిపోతుంది. ఒకే ఒక్క మూలలో ఉంటే అది హుడ్ కాకపోవచ్చు, ట్రైపాడ్ కాలో, కెమెరా బెల్టో, మన వేలో అయ్యుంటుంది.

హుడ్ నీడ మూలకి అడ్డంగా పడే రకమే, కాబట్టి మూల కిటుకు పనిచేస్తుంది. కాకపోతే ఎదురెదురు మూలలు రెండిట్లోనూ చెయ్యాలి. రేషియో లాక్ చేసి, కింది ఎడమ మూలని లోపలికి లాగండి, తర్వాత పై కుడి మూలని లాగండి. రెండు వైపులా సమానంగా పోతుంది కాబట్టి ఫోటో మధ్యభాగం మధ్యలోనే ఉంటుంది. గోపురమో, మండపమో సరిగ్గా మధ్యలో పెట్టి తీసినవాళ్లకి ఇది కొంత ఊరట. ట్రైపాడ్ కాలుకి ఒక మూలే కోస్తాం, మధ్యలో ఉన్నది పక్కకి జరుగుతుంది. అలాంటి ఫోటోకి ఎదురు వైపు కూడా అంతే కోసి సరిచెయ్యాల్సి వస్తుంది. హుడ్‌కి ఆ పని దానంతటదే అయిపోతుంది. ఇంకో విషయం, హుడ్ నీడ కాలు కన్నా ఎక్కువ మసగ్గా ఉంటుంది. f/3.5లో తీసిన ఫోటోలో అంచు ఎక్కడ ముగిసిందో చెప్పడం కష్టం, f/11లో అదే నీడ గట్టిగా, స్పష్టంగా కనపడుతుంది. కాబట్టి f/3.5 ఫోటోకి బ్రైట్‌నెస్ పెంచి చూడ్డం తప్పనిసరి.

తీసేటప్పుడే ఎందుకు కనపడలేదు అని అడుగుతారు. చాలా చిన్న డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో కంటితో చూసే కిటికీలో ఫోటో సుమారు 95 శాతమే కనపడుతుంది. అంచుల్లో పడ్డది ఆ మిగిలిన అయిదు శాతంలో ఉంటుంది, కంటికి దొరకదు. వెనక స్క్రీన్ మీద లైవ్ వ్యూ పెడితే మొత్తం కనపడుతుంది. ట్రైపాడ్ మీద ఎలాగూ కెమెరా కదలదు కాబట్టి, ఒక ఫోటో తీసి, ప్లే బటన్ నొక్కి, జూమ్ చేసి నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా చూసుకోండి. ఫోన్‌లో అయితే టైమర్ పెట్టి పరిగెత్తే ముందే ఒక ఖాళీ మెట్ల ఫోటో తీసి మూలలు చూడండి. కాలు పడుతుంటే ట్రైపాడ్‌ని కొంచెం తిప్పి, ఒక కాలు వెనక్కి మన వైపు, రెండు కాళ్లు పక్కలకి సమానంగా వచ్చేలా పెట్టండి. మెట్ల మీద అది కుదరకపోతే, ఫోన్‌ని కొంచెం పైకి ఎత్తి పట్టే పొడవు కడ్డీ ఉంటే పెంచండి. అదీ కుదరకపోతే 1x లో పెట్టి నాలుగడుగులు వెనక్కి జరగండి.